స్వసహసంబంధం, సామర్థ్య వర్ణపటం: రొదలో మునిగిన సైన్ తరంగం

ఒక సంకేతాన్ని తీసుకుని, దాని నకలును కొంత కాలం పక్కకు జరిపి, రెండింటినీ బిందువు బిందువునా గుణించి సగటు కడితే ఒక సంఖ్య వస్తుంది. అది ఆ జరుపుకు సంబంధించిన స్వసహసంబంధం. ఇంజనీర్లు ఆటోకోరిలేషన్ అంటారు. జరిపిన దూరాన్ని బట్టి ఈ సంఖ్య మారుతుంది కనుక దీన్ని ఆలస్యానికి ప్రమేయంగా గీయవచ్చు. అదే సంకేతంలోని సామర్థ్యం ఏ పౌనఃపున్యం దగ్గర, ఒక్కో హెర్ట్జ్ వెడల్పుకు ఎంత చొప్పున ఉందో చెప్పేది సామర్థ్య వర్ణపట సాంద్రత. వాడుకలో పవర్ స్పెక్ట్రమ్. మొదటిది సంకేతం తనను తాను ఎంతసేపు గుర్తుంచుకుంటుందో చెబుతుంది. రెండోది ఆ సంకేతంలో ఏయే స్వరాలు ఎంత గట్టిగా ఉన్నాయో చెబుతుంది. పైకి వేర్వేరు కొలతల్లా కనిపించినా, మొదటిదానికి ఫోరియర్ పరివర్తన చేస్తే రెండోది వస్తుంది. రెండోదానికి విలోమ పరివర్తన చేస్తే మొదటిది తిరిగి వస్తుంది. దీన్ని వీనర్–ఖిన్చిన్ సిద్ధాంతం అంటారు.

```
R(τ) = ⟨ x(t) x(t+τ) ⟩
S(f) = ∫ R(τ) e^(−i2πfτ) dτ
R(τ) = ∫ S(f) e^(+i2πfτ) df
```

మూడో సమీకరణంలో τ = 0 పెట్టి చూస్తే R(0) అంటే వర్ణపటం కింది మొత్తం వైశాల్యమని తేలుతుంది. R(0) అసలు నిర్వచనం సంకేతపు వర్గాల సగటు, అంటే మొత్తం సామర్థ్యం. కాబట్టి ఈ రెండు లెక్కలూ సరిపోవాలి. ఎవరైనా గీసిన వర్ణపటాన్ని నమ్మే ముందు వేయవలసిన మొదటి కొలబద్ద ఇదే. గుణకాల్లో 2 ఎక్కడో జారిపోవడం ఈ రంగంలో రోజూ జరిగే పొరపాటు.

జంట ఎందుకు కుదిరింది

నిరూపణలోకి దిగకుండానే దీని కీలకాన్ని పట్టుకోవచ్చు. ఏ సంకేతాన్నయినా వేర్వేరు పౌనఃపున్యాల కొసైన్ల మొత్తంగా రాశామనుకుందాం. దాన్ని తన నకలుతో గుణిస్తే రెండు రకాల పదాలు పుడతాయి. ఒక కొసైన్ మరో పౌనఃపున్యపు కొసైన్‌తో గుణించబడిన పదం కాలంతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. తగినంతసేపు సగటు తీస్తే సున్నాకు దిగిపోతుంది. ఒక కొసైన్ తన సొంత నకలుతో గుణించబడిన పదం మాత్రం నిలుస్తుంది. A కంపన పరిమితి, f₀ పౌనఃపున్యం ఉన్న తరంగం నుంచి మిగిలేది (A²/2) cos 2πf₀τ. అంటే స్వసహసంబంధం కూడా కొసైన్ల మొత్తమే. అయితే ఇక్కడ ఒక్కో కొసైన్ ముందు నిలిచేది కంపన పరిమితి కాదు, ఆ పౌనఃపున్యం మోస్తున్న సామర్థ్యం. కొసైన్ల మొత్తం నుంచి వాటి బరువులను వేరు చేసే పనికే ఫోరియర్ పరివర్తన ఉంది. దాన్ని R మీద ప్రయోగిస్తే సామర్థ్యాల పట్టిక చేతికొస్తుంది.

ఈ బేరంలో ఒకటి పోతుంది: దశ. తరంగం ఏ క్షణాన శిఖరం మీద ఉందన్న సమాచారం (A²/2) cos 2πf₀τ లో ఎక్కడా లేదు. అందుకే స్వసహసంబంధం నుంచి గానీ పవర్ స్పెక్ట్రమ్ నుంచి గానీ అసలు సంకేతాన్ని తిరిగి కట్టలేం. ఒకే వర్ణపటం ఉన్న సంకేతాలు లెక్కలేనన్ని ఉంటాయి.

ఇంకో షరతు కూడా ఉంది. సంకేతపు గణాంక స్వభావం కాలంతో మారకూడదు. అప్పుడే స్వసహసంబంధం ఆలస్యం మీద మాత్రమే ఆధారపడుతుంది, ఎప్పుడు మొదలుపెట్టామన్నదాని మీద ఆధారపడదు. స్థిర దశ ఉన్న సైన్ తరంగం కచ్చితంగా చూస్తే ఈ షరతును తప్పుతుంది, ఎందుకంటే దాని సగటు విలువ క్షణక్షణానికీ మారుతుంది. అందుకే పాఠ్యపుస్తకాల్లో ఆ తరంగానికి దశను 0 నుంచి 2π వరకు సమానంగా చెదిరిన యాదృచ్ఛిక సంఖ్యగా తీసుకుంటారు. విద్యార్థులకు ఇది అనవసరపు అలంకారంలా తోస్తుంది గానీ, మనం రికార్డింగు మీట నొక్కిన క్షణానికీ తరంగపు దశకూ ఏ సంబంధమూ లేదన్న వాస్తవాన్నే అది గణితంలో చెబుతుంది.

పేర్ల వెనుక

ఆర్థర్ షూస్టర్ 1898 లో పీరియడోగ్రామ్ అనే మాటను, పద్ధతిని ప్రవేశపెట్టాడు. సంకేతానికి ఫోరియర్ పరివర్తన చేసి, దాని పరిమాణాన్ని వర్గం చేసి గీయడమే అది. 1914 లో ఐన్‌స్టైన్ ఒక చిన్న వ్యాసంలో స్వసహసంబంధానికీ వర్ణపటానికీ ఉన్న ఈ బంధాన్ని రాశాడు. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నార్బర్ట్ వీనర్ 1930 లో, ఎప్పటికీ ఆగని సంకేతాలకు సాధారణ ఫోరియర్ పరివర్తన నిలవదు కదా అన్న ఇబ్బందిని దాటి, గట్టి నిరూపణ ఇచ్చాడు. అలెక్సాండర్ ఖిన్చిన్ 1934 లో యాదృచ్ఛిక ప్రక్రియల భాషలో దాన్ని నిలబెట్టాడు. ఐన్‌స్టైన్ పేరు కూడా కలిపి చెప్పే పుస్తకాలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి.

ఒక సెకను రికార్డింగు

ఇప్పుడు ఒక నిర్దిష్టమైన లెక్క చూద్దాం. ఒక మోటారు దగ్గర సెన్సర్ పెట్టి సెకనుకు 1000 నమూనాల చొప్పున ఒక సెకను రికార్డు చేశాం. అందులో కరెంటు లైన్ల నుంచి దూరిన 50 హెర్ట్జ్ హమ్ ఉంది. దాని కంపన పరిమితి 1. దాని మీద తెల్లరొద పడింది. ప్రతి నమూనాలోనూ మిగతావాటితో సంబంధం లేని, ప్రామాణిక విచలనం 2 ఉన్న గాసియన్ రొద అది.

హమ్ సామర్థ్యం 1²/2 = 0.5. రొద సామర్థ్యం 2² = 4. రొద హమ్ కంటే ఎనిమిది రెట్లు బలమైనది. డెసిబెల్ లెక్కలో సంకేతం రొదకు 9 కింద ఉంది. గ్రాఫు గీస్తే రొద మామూలుగానే 4 దాకా, అప్పుడప్పుడు 6 దాకా ఎగురుతుంటే, దాని అడుగున ఒకటి ఎత్తున ఊగే తరంగాన్ని కన్ను పట్టలేదు. ముందే తెలిసి వెతికినా కనబడదు.

స్వసహసంబంధం ఎలా ఉండాలో ముందు సిద్ధాంతపరంగా రాద్దాం. హమ్‌కూ రొదకూ సంబంధం లేదు కనుక వాటి అడ్డ పదాలు సగటులో పోతాయి. మిగిలేది రెండింటి సొంత స్వసహసంబంధాల మొత్తం:

```
R[k] = 0.5 cos(2π·50·k/1000) + 4 δ[k]
```

తెల్లరొద ఒక్క నమూనా జరిపినా తనను తాను గుర్తుపట్టదు. అందువల్ల దాని వాటా k = 0 దగ్గర ఒకే ఒక ముల్లు. హమ్ మాత్రం ప్రతి 20 నమూనాలకు ఒకసారి మళ్లీ తనలాగే ఉంటుంది. కనుక R[0] = 4.5 దగ్గర మొదలై, R[1] దగ్గరకు వచ్చేసరికి 0.476 కు ఒక్కసారిగా కూలుతుంది. R[5] సున్నా, R[10] మైనస్ 0.5, R[20] మళ్లీ 0.5. ఆ తర్వాత అదే ఊపు ఆగకుండా సాగుతుంది. ఇక్కడ ఒక చక్కని సదుపాయం ఉంది. ముల్లును పక్కనపెట్టి కొసైన్‌ను వెనక్కి పొడిగిస్తే అది k = 0 దగ్గర 0.5 ని తాకుతుంది. పైన మిగిలిన 4 అంతా రొదే. హమ్ ఎంతో రొద ఎంతో ఈ ఒక్క గీతలోనే విడిపోయాయి.

మన దగ్గర ఉన్నది వెయ్యి నమూనాలే కనుక నిజంగా కట్టిన R ఇంత శుభ్రంగా ఉండదు. సున్నా కాని ఏ ఆలస్యం దగ్గరైనా రొదను రొదతో గుణించిన పదాల సగటు దాదాపు 4/√1000, అంటే 0.13 మేర చెదురుతుంది. రొదకూ హమ్‌కూ మధ్య అడ్డ పదాలు పూర్తిగా పోకపోవడం వల్ల కొసైన్ శిఖరాల దగ్గర ఆ చెదురు 0.15 దాకా పెరుగుతుంది. 0.5 ఎత్తు ఉన్న తరంగం 0.13, 0.15 చెదురులో వంకరటింకరగానైనా కనబడుతుంది. పది సెకన్లు రికార్డు చేస్తే చెదురు √10 రెట్లు తగ్గి సుమారు 0.04, 0.05 కు వస్తుంది. అప్పుడు కొసైన్ నున్నగా బయటపడుతుంది.

అదే రికార్డింగు, పౌనఃపున్యం వైపు నుంచి

పై సమీకరణానికి పరివర్తన చేయడం సులువు. ముల్లుకు ఫోరియర్ పరివర్తన చేస్తే అన్ని పౌనఃపున్యాల్లోనూ సమానంగా ఉండే బల్లపరుపు గీత వస్తుంది. ఎప్పటికీ ఆగని కొసైన్‌కు చేస్తే రెండు సన్నటి గీతలు వస్తాయి, ఒకటి +50 దగ్గర, ఒకటి −50 దగ్గర. రొద సామర్థ్యం 4 మైనస్ 500 నుంచి ప్లస్ 500 దాకా వెయ్యి హెర్ట్జ్‌ల మీద పరుచుకుంటుంది కనుక దాని మట్టం హెర్ట్జ్‌కు 0.004. హమ్ సామర్థ్యం 0.5 రెండు గీతలకూ చెరిసగం, 0.25 చొప్పున పంచుకుంటుంది. ఋణ పౌనఃపున్యాలను మడిచి ఒకవైపే గీసేవాళ్లు రొద మట్టాన్ని 0.008 గా, గీతను 0.5 గా చూపిస్తారు. రెండూ ఒప్పే, ఏది గీశారో చెప్పకపోవడమే తప్పు.

సిద్ధాంతంలో ఆ గీతల వెడల్పు సున్నా, ఎత్తు అనంతం. ఒక సెకను రికార్డింగులో పీరియడోగ్రామ్ గడుల వెడల్పు ఒక హెర్ట్జ్ కనుక, 0.25 సామర్థ్యం ఒక హెర్ట్జ్ గడిలో కూర్చుంటుంది. శిఖరం ఎత్తు హెర్ట్జ్‌కు 0.25. రొద మట్టానికి అది 62.5 రెట్లు, అంటే 18 డెసిబెల్‌లు పైన. కాలంలో చూసినప్పుడు రొదకు 9 డెసిబెల్‌లు కింద దాగిన తరంగం ఇక్కడ గోపురంలా నిలబడింది. సమాచారం కొత్తగా ఏమీ పుట్టలేదు. స్వసహసంబంధంలో వందలాది ఆలస్యాల దగ్గర చెల్లాచెదురుగా ఉన్న సాక్ష్యాన్నంతా పరివర్తన ఒకే గడిలోకి పోగుచేసింది, అంతే. రొదకు అలా పోగయ్యే గుణం లేదు.

పది సెకన్ల రికార్డింగు తీసుకుంటే గడి వెడల్పు 0.1 హెర్ట్జ్. అదే 0.25 సామర్థ్యం పదోవంతు వెడల్పులో ఇమడాలి కనుక శిఖరం 2.5 కు పెరుగుతుంది. రొద మట్టం 0.004 లోనే ఉంటుంది. దీని నుంచి ఒక ముఖ్యమైన జాగ్రత్త పుడుతుంది. సైన్ తరంగం విషయంలో వర్ణపట సాంద్రత ఎత్తుకు సొంత అర్థం లేదు. శిఖరం కింది వైశాల్యానికే ఉంది. రొద విషయంలో సరిగ్గా తిరగబడుతుంది: అక్కడ ఎత్తుకే అర్థం. రెండు ప్రయోగశాలలు ఒకే హమ్‌ను కొలిచి, వేర్వేరు నిడివి రికార్డింగులు వాడి, ఒకరు 0.25 అనీ మరొకరు 2.5 అనీ వాదులాడుకోవచ్చు. ఇద్దరూ వైశాల్యం లెక్కగడితే గొడవ తీరిపోతుంది. అంచులను నెమ్మదిగా సున్నాకు దించే హాన్ విండో లాంటిది వాడితే శిఖరం ఎత్తు మళ్లీ మారుతుంది, 0.25 కాస్తా 0.167 అవుతుంది, ఎందుకంటే ఆ విండోలో శిఖరం ఒకటిన్నర గడి వెడల్పుకు సమానంగా పరుచుకుంటుంది. వైశాల్యం మాత్రం మారదు.

రొద మట్టం గురించి చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. 0.004 అన్నది సగటు మాత్రమే. పీరియడోగ్రామ్‌లో రొద గడులు విపరీతంగా ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఒక్కో గడి విలువ ఘాతీయ విభాజనం పాటిస్తుంది, దాని ప్రామాణిక విచలనం దాని సగటంతే ఉంటుంది. ఐదు వందల గడుల్లో అన్నిటికంటే ఎత్తైన రొద గడి సగటుకు ఆరేడు రెట్లు ఉండటం మామూలే. మన లెక్కలో అది 0.027 దాకా రావచ్చు. 0.25 ముందు అది చిన్నదే గానీ, హమ్ ఇంకా బలహీనమైతే ఏది అసలు శిఖరమో ఏది రొద చేసిన అల్లరో తేలదు. రికార్డింగు నిడివి పెంచితే ఈ ఎగుడుదిగుడు తగ్గదు. గడుల సంఖ్య పెరుగుతుంది, ప్రతి గడీ అంతే అల్లరి చేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. అల్లరి తగ్గాలంటే రికార్డును ముక్కలు చేసి, ముక్కల పీరియడోగ్రామ్‌లను సగటు తీయాలి. బార్ట్‌లెట్ మొదలుపెట్టిన ఈ పద్ధతికి, ముక్కలను ఒకదానిపై ఒకటి కొంత ఎక్కించి విండోలు వేసే రూపాన్ని వెల్చ్ 1967 లో ఇచ్చాడు. పది సెకన్ల రికార్డును పది ముక్కలు చేస్తే శిఖరం మళ్లీ 0.25 కు దిగుతుంది, కానీ రొద మట్టం 0.004 చుట్టూ 0.0013 మేరకే చెదురుతుంది.

కంప్యూటర్లో కట్టేటప్పుడు

పైన చెప్పినదంతా కొన్ని వరుసల్లో ఇమిడిపోతుంది:

```python
import numpy as np
rng = np.random.default_rng(1)
N, fs, f0 = 1000, 1000, 50
n = np.arange(N)
x = np.cos(2*np.pi*f0*n/fs + 0.7) + 2*rng.standard_normal(N)

X2 = np.fft.fft(x, 2*N)
r = np.fft.ifft(np.abs(X2)**2).real[:N] / N
S = np.abs(np.fft.fft(x))**2 / (N*fs)
print(r[0], S.sum()*fs/N)
```

చివరి వరుస ముద్రించే రెండు సంఖ్యలూ ఒకటే కావాలి, 4.5 కు దగ్గరగా ఉంటాయి. ఇది మొదట్లో చెప్పిన వైశాల్యపు కొలబద్దే. దశగా పెట్టిన 0.7 ను 2 గా మార్చి చూడండి. `r` లో గానీ `S` లో గానీ హమ్ వాటా ఆకారం మారదు. కొద్దిగా తేడా కనిపిస్తే అది అడ్డ పదాల చెదురే.

ఐదో వరుస తర్వాత పరివర్తనను `2*N` నిడివికి ఎందుకు తీశామన్నదే ఇక్కడి మెలిక. సున్నాలు చేర్చకుండా `N` కే తీసి విలోమం చేస్తే, జరిపిన నకలు కుడివైపు చివర దాటినది ఎడమవైపు నుంచి తిరిగి లోపలికి వచ్చేస్తుంది. అప్పుడు వచ్చేది వృత్తాకార స్వసహసంబంధం. మన ఉదాహరణలో సరిగ్గా 50 ఆవృత్తాలు ఇమిడాయి కనుక హమ్ వాటా ఏమీ చెడదు, తప్పు బయటపడదు. హమ్ 50.5 హెర్ట్జ్ అయితే మొదలూ చివరా అతకక గీత వంకరపోతుంది. గుర్తుపట్టే ఉపాయం తేలికైనది: గ్రాఫు నడుమ గీత గీసి చూస్తే కుడి సగం ఎడమ సగానికి అద్దంలో బొమ్మలా ఉంటే అది వృత్తాకారపుదే.

అదే 50.5 హెర్ట్జ్ హమ్ పీరియడోగ్రామ్‌నూ ఇబ్బంది పెడుతుంది. అది రెండు గడుల నడుమ పడుతుంది కనుక ఒక్కో గడిలోనూ శిఖరం 0.25 కు బదులు 0.1 దగ్గరే ఆగుతుంది, మిగతా సామర్థ్యం చుట్టుపక్కల గడుల్లోకి ఒలుకుతుంది. దాదాపు 4 డెసిబెల్‌ల నష్టమిది. శిఖరం పక్కనే సమాన ఎత్తులో ఇంకో గడి ఉండటం దీని ఆనవాలు.

ఇక `r` ను `N` తో భాగించడం. k ఆలస్యం దగ్గర అతివ్యాప్తిలో ఉన్న నమూనాలు N − k మాత్రమే, అయినా N తోనే భాగించాం. ఫలితంగా కొసైన్ ఎత్తు సరళరేఖలా తగ్గుతూ పోతుంది; k = 500 దగ్గర 0.5 కు బదులు 0.25 మిగులుతుంది. తెలియనివాళ్లు చూసి హమ్ తన దశను కోల్పోతోందని తీర్మానించేస్తారు. N − k తో భాగిస్తే ఆ వంగుడు పోతుంది గానీ, k = 990 దగ్గర పది గుణకారాల సగటే మిగులుతుంది. అక్కడ రొద చెదురు 4/√10, అంటే 1.26, హమ్ ఎత్తుకు రెట్టింపు పైన. పైగా అలా సరిచేసిన R కు పరివర్తన చేస్తే కొన్ని పౌనఃపున్యాల దగ్గర సామర్థ్యం ఋణాత్మకంగా రావచ్చు, దానికి అర్థమే లేదు. N తో భాగించిన R కు పరివర్తన చేస్తే మాత్రం వచ్చేది పీరియడోగ్రామే, ఉజ్జాయింపుగా కాదు, అక్షరాలా అదే. జంట సిద్ధాంతం పరిమిత రికార్డింగులోనూ నిలిచేది ఈ రూపంలోనే. అందుకే చాలామంది ఆ వంగుడును భరిస్తారు. బ్లాక్‌మన్, టుకీలు 1958 లో వివరంగా రాసిన మధ్యేమార్గం ఇంకొకటి: దూరపు ఆలస్యాలను నమ్మకుండా వదిలేసి, మొదటి వంద ఆలస్యాలకు మాత్రం విండో వేసి పరివర్తన చేయడం. వర్ణపటం నున్నగా వస్తుంది, బదులుగా శిఖరం కొన్ని హెర్ట్జ్‌ల మేర వెడల్పవుతుంది.

నిజంగా స్వరమేనా?

50 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనబడగానే అక్కడ సైన్ తరంగం ఉందని అనేయడం తొందరపాటు. సన్నని పట్టీలో గుమిగూడిన రొద కూడా అలాగే కనిపిస్తుంది. వదులైన లోహపు రేకు రొదకు అనునాదం చెందినా 50 హెర్ట్జ్ దగ్గర ముద్దలాంటి శిఖరం రావచ్చు. దాని స్వసహసంబంధం కూడా కొసైనే, కానీ కాలంతో చల్లారే కొసైన్. దాని సామర్థ్యాన్నీ 0.5 గానే ఉంచి, దశ జ్ఞాపకం సుమారు అర సెకను అనుకుందాం:

```
R(τ) = 0.5 e^(−|τ|/0.5) cos(2π·50·τ)
```

ఘాతీయంగా చల్లారే R కు పరివర్తన చేస్తే వచ్చేది లోరెంజ్ ఆకారపు గుట్ట. సగం ఎత్తు దగ్గర దాని వెడల్పు 1/(π × 0.5), అంటే 0.64 హెర్ట్జ్, శిఖరం ఎత్తు హెర్ట్జ్‌కు 0.25. ఈ ఎత్తు చూశారా? ఒక సెకను రికార్డింగులో అసలైన హమ్ ఇచ్చినదీ ఇదే. ఒక సెకనులో ఈ గుట్ట సగటున 0.14 దాకానే లేస్తుంది గానీ, ఒక్కో రికార్డింగులో ఆ విలువ అటూఇటూ బాగా ఊగుతుంది కనుక రెండింటినీ విడదీయడం కుదరదు. పది సెకన్లు రికార్డు చేసి చూస్తే తేడా పట్టుబడుతుంది. హమ్ శిఖరం 2.5 కు ఎగసి ఒకే గడిలో ఉంటుంది. రొద గుట్ట 0.25 చుట్టూనే ఆగిపోయి ఆరేడు గడుల మీద పరుచుకుంటుంది. స్వసహసంబంధంలోనైతే రెండు సెకన్ల ఆలస్యం దగ్గర గుట్ట వాటా 0.5 నుంచి 0.01 కంటే కిందికి దిగిపోతుంది, హమ్ మాత్రం అలాగే ఊగుతుంటుంది. ఆలస్యంలో ఎంత త్వరగా చల్లారితే పౌనఃపున్యంలో అంత వెడల్పు. జంట తత్వం ప్రయోగశాలలో ఎక్కువగా పనికొచ్చేది ఈ చోటే.

నిజానికి కరెంటు హమ్ కూడా శాశ్వతమైన స్వరం కాదు. మన గ్రిడ్ పౌనఃపున్యాన్ని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలని భారత గ్రిడ్ నిబంధనలు చెబుతాయి. ఆ పట్టీలో అది లోడును బట్టి నిరంతరం కదులుతూనే ఉంటుంది. పది సెకన్ల రికార్డింగులో 0.1 హెర్ట్జ్ గడి ఆ కదలికను చాలావరకు మింగేస్తుంది. వెయ్యి సెకన్లు రికార్డు చేస్తే గడి వెడల్పు 0.001 హెర్ట్జ్ అవుతుంది, హమ్ ఇక గీతగా మిగలదు, తనూ ఒక గుట్టే. శిఖరం నిడివితో పాటు పెరుగుతూ పోతుందన్న సూత్రం అక్కడ ఆగిపోతుంది. పైగా పొద్దున కొలిచిన హమ్ స్వభావమూ సాయంత్రం కొలిచినదాని స్వభావమూ ఒకటి కాకపోతే, మొదట పెట్టుకున్న మారని గణాంక స్వభావం అన్న షరతే పోతుంది. అప్పుడు వర్ణపటం చెప్పేది సగటు కథ మాత్రమే.

ఏ వైపు నుంచి కొలవాలి

ఇవాళ అందరూ వేగ ఫోరియర్ పరివర్తనతో మొదలుపెడతారు. 1965 లో కూలీ, టుకీలు ఆ పద్ధతిని ప్రచురించక ముందు పరిస్థితి వేరు. అప్పట్లో స్వసహసంబంధం వైపు నుంచి రావడమే తేలిక, ఎందుకంటే దాన్ని కట్టడానికి ఆలస్యం, గుణకారం, కూడిక చాలు. రేడియో ఖగోళశాస్త్రంలో సాండర్ వైన్‌రెబ్ ఇంకా సాహసించి, ప్రతి నమూనాలో గుర్తును మాత్రమే, అంటే ధనమా ఋణమా అన్న ఒకే బిట్‌ను ఉంచి ఆలస్యాలతో గుణించే డిజిటల్ పరికరం కట్టాడు. గాసియన్ రొదకు ఆ నష్టాన్ని సవరించే ఆర్క్‌సైన్ సూత్రం అప్పటికే వాన్ వ్లెక్ ఇచ్చి ఉన్నాడు. ఆ పరికరం తోడుగానే 1963 లో అంతరిక్షంలోని హైడ్రాక్సిల్ రేఖ మొదటిసారి కనబడింది. కాంతి విషయంలో ఈ దారి ఇప్పటికీ నడుస్తోంది: ఫోరియర్ పరివర్తన పరారుణ వర్ణపటమాపకంలో అద్దం కదిలి కాంతిని దాని ఆలస్యమైన నకలుతో కలుపుతుంది. డిటెక్టర్ నమోదు చేసేది స్వసహసంబంధాన్నే. వర్ణపటం కంప్యూటర్లో తర్వాత పుడుతుంది.

తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ ఈ లెక్కను గాలి మీద చేస్తుంది. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, పైన గాలి పొరల నుంచి తిరిగొచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనుల పవర్ స్పెక్ట్రమ్ కడుతుంది. తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు కనుక గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో రాడార్ వైపు కదిలితే శిఖరం 0.35 హెర్ట్జ్ జరుగుతుంది. రొద మట్టాన్ని తేల్చడానికి ఇలాంటి రాడార్లలో ఎక్కువగా వాడేది 1974 నాటి హిల్డెబ్రాండ్, శేఖోన్‌ల పద్ధతి. పెద్ద గడులను ఒక్కొక్కటిగా తీసేస్తూ, మిగిలిన గడుల చెదురు తెల్లరొదకు ఉండవలసినంత అయ్యేదాకా ఆ పని సాగిస్తుంది, అంటే పైన చెప్పిన ఘాతీయ విభాజనం గుణాన్నే కొలబద్ద చేసుకుంటుంది. ఇక్కడ శిఖరం ఎప్పుడూ సన్నటి గీతగా రాదు, రాకూడదు కూడా. మన గుట్టలాగా 0.64 హెర్ట్జ్ వెడల్పు వచ్చిందంటే, రాడార్ పుంజం వెడల్పు వల్ల, వేగం ఎత్తుతో మారడం వల్ల కలిసిన భాగాన్ని తీసేయక ముందు, ఆ పొరలో గాలి వేగాలు దాదాపు సెకనుకు 1.8 మీటర్ల మేర చెదిరి ఉన్నాయని అర్థం. ఆ భాగాన్ని తీసేశాక మిగిలే వెడల్పు నుంచే అక్కడి అల్లకల్లోలపు తీవ్రతను లెక్కగడతారు.